గోడ పక్కనుంచి వంగిన బంతి

1997 జూన్ 3న ఫ్రాన్స్‌పై బ్రెజిల్ ఆటగాడు రాబర్టో కార్లోస్ దాదాపు 35 మీటర్ల నుంచి కొట్టిన ఫ్రీకిక్ ఆటగాళ్ల గోడకు కుడిపక్కగా వెళ్లి, ఎడమకు వంగి, గోల్‌పోస్టును రాసుకుంటూ లోపలికి దూరింది. ఎడమ పాదం బయటి అంచుతో తన్నడంతో, పైనుంచి చూస్తే బంతి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరిగింది. అప్పుడు దాని ఎడమవైపు గాలితో పాటు కదులుతుంది, కుడివైపు గాలికి ఎదురీదుతుంది. ఎడమన గాలి ఎక్కువసేపు అంటిపెట్టుకుని, వెనక కుడికి మళ్లుతుంది. గాలిని కుడికి నెట్టిన బంతి తాను ఎడమకు జరుగుతుంది.

బంతి చుట్టూ ఒక వలయం ఊహించి, దాని వెంట గాలివేగాన్ని కూడుతూ పోతే లెక్క సున్నా కాదు. మిగిలేదే సర్క్యులేషన్. దాన్ని గాలి సాంద్రతతో, వేగంతో గుణిస్తే విమానం రెక్కకు మీటరు పొడవున ఎంత లిఫ్ట్ వస్తుందో తెలుస్తుంది. గుండ్రటి బంతికి ఇది ఉరామరిక లెక్కే. నున్నటి బంతి కొన్ని వేగాల్లో ఏకంగా ఎదురువైపుకే వంగుతుంది!