పాత గడువు చెరగకూడదు

కంపెనీ వార్షిక నివేదికలో 'ఆడిట్ కమిటీ ఏడాదిలో అయిదుసార్లు సమావేశమైంది' అన్న వాక్యం కనిపిస్తుంది. ఆ అయిదుసార్లూ లోపల ఏం జరిగిందో వాటాదారుకు తెలిసే దారి దాదాపు లేదు. వాటాదారుల సర్వసభ్య సమావేశం మినిట్స్ చూడమని అడిగే హక్కు వారికి ఉంది గానీ, బోర్డు మినిట్స్‌కూ కమిటీల మినిట్స్‌కూ ఆ హక్కు లేదు. అయినా మన డబ్బు భద్రంగా ఉందా లేదా అన్నది చాలావరకు ఆ పేజీల్లో ఒక్కో వాక్యాన్ని ఎలా రాశారన్న దానిమీదే ఆధారపడి ఉంటుంది. ఆడిటర్ ఏ లోపం చెప్పాడు, యాజమాన్యం ఏం జవాబిచ్చింది, ఎప్పటిలోగా సరిచేస్తానంది, ఆ మాట నిలబెట్టుకుందా అన్నవి అక్కడే నమోదవుతాయి.

లిస్టెడ్ కంపెనీలో ఈ కమిటీకి కనీసం ముగ్గురు డైరెక్టర్లు ఉండాలి. వారిలో మూడింట రెండు వంతులు ఇండిపెండెంట్ డైరెక్టర్లే కావాలి, అధ్యక్షుడూ వారిలో ఒకరే కావాలి. ఏడాదికి కనీసం నాలుగు సమావేశాలు జరగాలి. రెండు సమావేశాల మధ్య ఎడం 120 రోజులు దాటకూడదు. ఇంటర్నల్ ఆడిటర్ చెప్పిన ముఖ్యమైన లోపాలను ఆయనతో చర్చించడం, ఆ తరువాత ఏమైందో వెంటపడి చూడటం కమిటీ విధి అని సెబీ నిబంధనల్లోనే ఉంది. ఈ రెండో సగమే తేలిగ్గా జారిపోతుంది. త్రైమాసిక ఫలితాలను 45 రోజుల్లో ప్రకటించాలి కనుక కమిటీ సాధారణంగా ఆ గడువు అంచున కూర్చుంటుంది. సమయమంతా ఫలితాలకే పోతుంది. పాత లోపాల సంగతి అజెండా చివర్లో, అందరూ లేచే వేళకు వస్తుంది.

ఒక కల్పిత ఉదాహరణ తీసుకుందాం. కోస్తాలో రొయ్యల మేత తయారుచేసే ఒక లిస్టెడ్ కంపెనీ. సోయా పిండి, చేప పొడి, సంచులు, లారీలు, ఇలా వందల మంది సరఫరాదారులకు ప్రతి వారం డబ్బు వెళుతుంది. సరఫరాదారు బ్యాంకు ఖాతా మారితే అకౌంట్స్ విభాగం కంప్యూటర్‌లో కొత్త నంబరు ఎక్కిస్తుంది. ఇంటర్నల్ ఆడిటర్ ఆరు నెలల్లో జరిగిన 64 మార్పులనూ చూశాడు. తొమ్మిదింటికి సరఫరాదారు ఇచ్చిన లేఖ గానీ, ఫోన్ చేసి కనుక్కున్నట్టు నమోదు గానీ లేదు. వాటిలో మూడింట నంబరు ఎక్కించిన మనిషే దాన్ని ఆమోదించాడు కూడా. ఆ తొమ్మిది ఖాతాలకు అప్పటికే 2 కోట్ల 10 లక్షలు వెళ్లాయి.

ఆగస్టు 12న కమిటీ కూర్చుంది. ఈ అంశం మీద మినిట్స్‌ను రెండు రకాలుగా రాయవచ్చు. మొదటిది ఇలా ఉంటుంది: 'కమిటీ ఇంటర్నల్ ఆడిట్ నివేదికను పరిశీలించింది. సరఫరాదారుల ఖాతాల నిర్వహణలో కొన్ని లోపాలున్నట్టు గమనించింది. తగిన చర్యలు తీసుకుంటున్నట్టు యాజమాన్యం తెలిపింది. త్వరగా పూర్తి చేయాలని కమిటీ సూచించింది.' ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ నవంబరులో ఎవరైనా ఈ పేరా తెరిచి చూస్తే అడగడానికి ఏమీ దొరకదు. లోపం ఎంత పెద్దదో, ఎవరు సరిచేయాలో, 'త్వరగా' అంటే ఏ తేదీయో లేదు. ఇలాంటి పేరా రాయడం కమిటీ తన పనిని తానే వదులుకోవడమని నా అభిప్రాయం.

రెండోది ఇంకొంచెం పొడవుగా ఉంటుంది. 64లో తొమ్మిది, తొమ్మిదిలో మూడు, వెళ్లిన మొత్తం, అన్నీ ఉంటాయి. తరువాత యాజమాన్యం జవాబు. ఇక్కడ ఫైనాన్స్ అధిపతి, 'ఆ తొమ్మిదీ పాత సరఫరాదారులవే, డబ్బు ఎక్కడికీ పోలేదు, లేఖలు ఫైలు చేయడంలో ఆలస్యం మాత్రమే' అన్నాడు. ఈ మాటను యథాతథంగా రాయాలి. యాజమాన్యానికి ఆడిటర్‌తో విభేదించే హక్కు ఉంది. కొన్నిసార్లు ఆడిటరే పొరబడతాడు కూడా. విభేదాన్ని చెరిపి 'యాజమాన్యం అంగీకరించింది' అని రాస్తే, రేపు డబ్బు పోయినట్టు తేలినప్పుడు ఎవరేమన్నారో తేల్చలేం.

ఆ జవాబు విన్నాక కమిటీ అధ్యక్షురాలు రెండు ప్రశ్నలను విడదీసింది. ఇప్పటిదాకా వెళ్లిన డబ్బు సరైన చేతికే వెళ్లిందా అన్నది ఒకటి. ఇకముందు ఇలా జరగకుండా తలుపు మూసుకుందా అన్నది మరొకటి. ఫైనాన్స్ అధిపతి మొదటిదానికి నోటి జవాబిచ్చాడు, రెండోదాని జోలికి పోలేదు. చాలా కంపెనీల మినిట్స్‌లో ఈ రెండూ కలిసిపోతాయి. 'నష్టం జరగలేదు' అనగానే అంశం ముగిసినట్టు రాసేస్తారు. నష్టం జరగకపోవడం అదృష్టం కావచ్చు. తలుపు మాత్రం తెరిచే ఉంటుంది.

చివరికి మినిట్స్‌లోకి మూడు పనులు ఎక్కాయి. తొమ్మిది మంది సరఫరాదారులకూ కంపెనీ దగ్గర ముందునుంచి ఉన్న నంబర్లకు ఇంటర్నల్ ఆడిటరే ఫోన్ చేసి, ఖాతా వాళ్లదేనా, డబ్బు అందిందా అని రాతపూర్వకంగా తెచ్చుకోవాలి. గడువు ఆగస్టు 31. కొత్తగా ఎక్కించిన నంబరుకు ఫోన్ చేస్తే లాభం లేదు, మోసగాడైతే ఆ నంబరూ తనదే ఇచ్చి ఉంటాడు. ఎక్కించే వ్యక్తి ఆమోదించలేకుండా సాఫ్ట్‌వేర్ మార్చాలి. బాధ్యుడు ఐటీ అధిపతి, గడువు అక్టోబరు 31. ఆ మార్పు వచ్చేదాకా ఖాతా మార్పు ఏదైనా ఫైనాన్స్ అధిపతి సంతకంతోనే జరగాలి, ఇది మర్నాటి నుంచే అమలు. మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. అసలు దిద్దుబాటుకు రెండున్నర నెలలు పడుతుందంటే, ఆ రెండున్నర నెలలూ డబ్బు వెళుతూనే ఉంటుంది కదా.

ఇక్కడే చట్టం పెట్టిన గడువుల వల్ల ఒక చిక్కు వస్తుంది. చిత్తుప్రతిని 15 రోజుల్లోగా సభ్యులకు పంపాలి. వారు ఏడు రోజుల్లో అభిప్రాయం చెప్పాలి. 30 రోజుల్లోగా మినిట్స్ పుస్తకంలోకి ఎక్కించాలి. అంటే ఆగస్టు 12 సమావేశం మినిట్స్ సెప్టెంబరు రెండో వారానికి గానీ స్థిరపడకపోవచ్చు. ఆగస్టు 31 గడువు అప్పటికే దాటిపోతుంది. అందుకే అనుభవమున్న కంపెనీ సెక్రటరీ మినిట్స్ కోసం ఆగడు. సమావేశమైన మర్నాడే ఏ పని, ఎవరిది, ఏ తేదీకి అన్న చిన్న పట్టికను సంబంధించిన వారికి పంపిస్తాడు.

చిత్తుప్రతి తిరిగే రోజుల్లోనే మాటలు మెత్తబడతాయి కూడా. 'తొమ్మిదింటికి ఆధారం లేదు' అన్నది 'కొన్నింటికి ఆధారం ఆలస్యమైంది' అవుతుంది. ఆడిటర్ కమిటీ సభ్యుడు కాదు కనుక చిత్తుప్రతి ఆయనకు వెళ్లాలన్న నియమం లేదు. తన లోపానికి సంబంధించిన పేరా వరకైనా ఆయనకు చూపించడం మంచి పద్ధతి. సంతకమయ్యాక పుస్తకంలో మాట మార్చడం చిన్న విషయం కాదు. మినిట్స్‌ను తారుమారు చేస్తే కంపెనీల చట్టం 118వ సెక్షన్ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నాయి.

నవంబరు సమావేశానికి వద్దాం. తొమ్మిది మందీ రాతపూర్వకంగా జవాబిచ్చారు, డబ్బు అందింది. వారిలో ఎవరికైనా అందలేదని తేలి, అది ఉద్యోగుల మోసమని కంపెనీ చట్టబద్ధ ఆడిటర్‌కు నమ్మకం కుదిరి ఉంటే మరో గడియారం మొదలయ్యేది. మొత్తం కోటి రూపాయలు, ఆపైన అయితే, సంగతి తెలిసిన రెండు రోజుల్లో ఆయన బోర్డుకు లేదా ఆడిట్ కమిటీకి రాయాలి. వారు 45 రోజుల్లో జవాబివ్వాలి. ఆ తరువాత 15 రోజుల్లో అంతా కేంద్ర ప్రభుత్వానికి పంపాలి.

సాఫ్ట్‌వేర్ మార్పు అక్టోబరు 28నే పూర్తయిందని ఐటీ అధిపతి చెప్పాడు. చాలా చోట్ల ఈ మాటతోనే 'ముగిసింది' అని రాస్తారు. ఈ కమిటీ ఆడిటర్‌ను అడిగింది. ఆయన కొత్త పద్ధతిని పరీక్షించి చూశాడు. ప్రధాన కార్యాలయంలో సరిగ్గా పనిచేస్తోంది. భీమవరం బ్రాంచిలో మాత్రం ఒక ఉద్యోగికి ఎక్కించే అధికారం, ఆమోదించే అధికారం రెండూ ఇంకా ఉన్నాయి. మినిట్స్‌లో 'పాక్షికంగా పూర్తయింది' అని రాశారు. కొత్త గడువు డిసెంబరు 15. దాని పక్కనే 'మొదటి గడువు అక్టోబరు 31, ఒకసారి పొడిగించారు, కారణం ఇది' అని కూడా రాశారు. ఫిబ్రవరిలో ఆడిటర్ ఆ తరువాతి మార్పుల్లో 20 తీసి చూశాడు, ఒక్క తప్పూ లేదు. అప్పుడు ముగించారు.

మొదటి గడువును చెరపకుండా ఉంచడమే ఈ మొత్తం ఏర్పాటుకు ప్రాణం. కొత్త తేదీ మాత్రమే కనిపించే పట్టికలో ఏ పనీ ఎప్పుడూ ఆలస్యం కాదు. ప్రతి సమావేశానికీ తేదీ ముందుకు జరుగుతుంది, గడువు మీరినవి మాత్రం సున్నా. రెండేళ్ల పట్టికలను పక్కపక్కన పెట్టి చూసినవారికి ఇది ఇట్టే పట్టుబడుతుంది. బాధ్యుడి గడిలో మనిషి హోదాకు బదులు 'అకౌంట్స్ విభాగం' అని ఉండటం, గడువులన్నీ మార్చి 31 మీదే పడటం, నిరుడు ముగిసిందన్న లోపమే ఈ ఏడాది వేరే పేరుతో కొత్త లోపంగా రావడం కూడా అలాంటి గుర్తులే. చివరిది అన్నింటికంటే ప్రమాదకరం. లోపాన్ని కాగితం మీదే ముగించారనడానికి అంతకు మించిన సాక్ష్యం ఉండదు.

'ముగిసింది' అన్న మాటను ఎవరు రుజువు చేయాలన్న ప్రశ్నకు హైదరాబాద్‌లోనే భారీ మూల్యం చెల్లించాం. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ ప్రకారం, నగదు, బ్యాంకు నిల్వల కింద చూపిన మొత్తంలో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవు. బ్యాంకు నిల్వల గురించి కంపెనీ చెప్పేదాన్ని నమ్మకుండా ఆడిటరే నేరుగా బ్యాంకుల నుంచి నిర్ధారణ తెచ్చుకోవాలన్నది పాత నియమమే. ఆ పని సరిగా జరగలేదని అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ 2011 ఏప్రిల్‌లో తేల్చింది. మన ఉదాహరణలో సరఫరాదారులకు ఫోన్ చేసే పనిని అకౌంట్స్ విభాగానికి కాకుండా ఆడిటర్‌కు అప్పగించింది అందుకే.

ఎంత బాగా రాసినా ఈ మినిట్స్‌కు ఒక హద్దు ఉంది. ఆడిటర్ చూడనిది వాటిలోకి రాదు. ఆయన 64 మార్పులు చూశాడు, సరుకు తూకం చూడలేదు. తూకంలో దొంగతనం జరుగుతుంటే ఈ పేజీలు దాని ఊసెత్తవు.

మినిట్స్ మీ చేతికి రాకపోయినా, అడిగే వీలు ఒకటుంది. లిస్టెడ్ కంపెనీ ఆడిట్ కమిటీ అధ్యక్షులు వాటాదారుల ప్రశ్నలకు జవాబివ్వడానికి వార్షిక సర్వసభ్య సమావేశానికి హాజరు కావాలన్నది సెబీ నియమం. కమిటీ సిఫారసును బోర్డు తోసిపుచ్చితే ఆ సంగతి, కారణం బోర్డు నివేదికలో చెప్పాలన్నది చట్టం. ఈసారి సమావేశం ఆన్‌లైన్‌లో జరిగినా సరే, వక్తగా పేరు నమోదు చేసుకుని ఒక ప్రశ్న అడగండి: ఇంటర్నల్ ఆడిటర్ చెప్పిన ముఖ్యమైన లోపాల్లో మొదటి గడువు దాటినవి ఎన్ని, వాటిలో అన్నింటికంటే పాతది ఎప్పటిది?