నాలుగు గుణకారాల చోట మూడు

అంకెలు రెట్టింపైతే గుణకారం పని నాలుగింతలు కాక తప్పదని 1960లో మాస్కో విశ్వవిద్యాలయం సెమినార్‌లో కొల్మొగొరోవ్ అంచనా వేశాడు. అంతటి గణితవేత్త మాటను 23 ఏళ్ల విద్యార్థి కరత్సుబా వారంలోపే తప్పని తేల్చాడు.

5132ను 2314తో గుణించాలనుకుందాం. సంఖ్యలను సగానికి విడగొడితే 51, 32; 23, 14. బడి పద్ధతిలో నాలుగు గుణకారాలు కావాలి. కరత్సుబా మూడే చేశాడు. ఎడమ సగాల లబ్ధం 1173, కుడి సగాలది 448. ఇక సగాలను కూడి గుణిస్తే, 83×37 = 3071. అందులోంచి మొదటి రెండూ తీసేస్తే మిగిలే 1450 మధ్య భాగం. అసలు అందం ఈ తీసివేతలోనే ఉంది! స్థానాలు సరిచూసి కూడితే 1,17,30,000 + 1,45,000 + 448 = 1,18,75,448.

సగాలు కూడా పెద్దవైతే వాటినీ ఇలాగే విడగొట్టాలి. అప్పుడు అంకెలు రెట్టింపైనా పని సుమారు మూడింతలే.

చిన్న సంఖ్యలకు మాత్రం ఇది నష్టమే. అదనపు కూడికలు, తీసివేతలు, మధ్య ఫలితాలు దాచే మెమరీ పని కలిసి, ఒక గుణకారం తగ్గిన లాభాన్ని మింగేస్తాయి. అందుకే ప్రతి ప్రోగ్రామూ ఒక హద్దు పెట్టుకుంటుంది. పైథాన్‌లో సాధారణంగా అది 2,100 బిట్లు, అంటే దాదాపు 630 అంకెలు. విడగొట్టగా ముక్కలు ఆ హద్దులోపలికి రాగానే పైథాన్ మళ్లీ బడి పద్ధతికే మారుతుంది. ఈ హద్దు సూత్రంలోంచి రాదు, యంత్రంపై సమయం కొలిచి తేల్చుకోవాల్సిందే.