చెంచా కూడా గుచ్చుకునే రాత్రులు

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే పాఠకురాలొకరు మాకు రాశారు: "మా టీమ్ లీడ్ గారు చాలా నెమ్మదస్తులు. రిలీజ్‌కి ముందు రెండు వారాలు మాత్రం ఏం అడిగినా కస్సుమంటారు. నేనూ అలాగే ఉంటున్నానని మావాళ్లు అంటున్నారు. రిలీజ్ అయిపోతే అందరం మళ్లీ మామూలే. అప్పుడు మాకేమవుతోంది?"

డెడ్‌లైన్ భయం, క్లయింటు ఒత్తిడి, వేళ తప్పిన తిండి, కారణాల్లో ఇవన్నీ ఉన్నాయి. కానీ వీటన్నిటికంటే నన్ను ఆకట్టుకునేది నిద్ర చేసే పని. అందుకే మిగతావాటిని పక్కనపెట్టి నేరుగా అక్కడికే వెళ్తాను.

తల లోపల, రెండు కణతల వైపులా బాదంగింజంత భాగం ఒక్కొక్కటి ఉంటుంది. దాని పేరు అమిగ్డలా. ఎదురైనదాన్ని పట్టించుకోవాలా వద్దా, అందులో ప్రమాదమేమైనా ఉందా అని చప్పున తేల్చే పనిలో దానిది పెద్ద పాత్ర. నుదుటి వెనకున్న ప్రీఫ్రంటల్ భాగం దాని తొందరను అదుపులో పెడుతుంది. 2007లో మాథ్యూ వాకర్ బృందం కొందరిని సుమారు 35 గంటలు మేలుకునేలా చేసి, స్కానర్‌లో పడుకోబెట్టి, మనసును కలవరపెట్టే బొమ్మలు చూపించింది. బాగా నిద్రపోయి వచ్చినవాళ్లతో పోలిస్తే వీళ్ల అమిగ్డలా దాదాపు 60 శాతం ఎక్కువగా స్పందించింది. పైగా ప్రీఫ్రంటల్ భాగంతో దానికుండే సమన్వయం కూడా తగ్గింది.

ఎవరు మాత్రం 35 గంటలు ఏకబిగిన మేలుకుంటారని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. రిలీజ్ వారాల్లో మనం చేసేది రోజుకింత చొప్పున నిద్ర కోసుకోవడం. దీన్ని జపాన్ పరిశోధకులు 2013లో పరీక్షించారు. వరసగా 5 రాత్రులు 4 గంటలే పడుకోనిచ్చి, తర్వాత భయపడుతున్న ముఖాల బొమ్మలు చూపిస్తే మళ్లీ అదే కనిపించింది. అమిగ్డలా చెలరేగింది, దాన్ని అదుపుచేసే భాగంతో లంకె సడలింది. పాల్గొన్నవాళ్లు 14 మందే కాబట్టి అంకెల్ని మరీ గట్టిగా పట్టుకోకూడదు, అయినా రెండు ప్రయోగాలూ చూపిస్తున్న దిక్కు ఒక్కటే.

ఇదంతా "నిద్ర లేకపోతే చిరాకు" అని మన అమ్మమ్మలు చెప్పిందేగా! అసలు విడ్డూరం ఇంకా ముందుంది.

2015లో టెల్ అవీవ్‌లో ఎటీ బెన్ సైమన్, టాల్మా హెండ్లర్ బృందం 18 మందికి ఒక చిన్న పని ఇచ్చింది. తెర మీద కదిలే పసుపు చుక్కలు ఎటు పోతున్నాయో చెప్పాలి, అంతే. వాటి వెనక వచ్చే బొమ్మల్ని పట్టించుకోకూడదు. ఆ బొమ్మల్లో ముద్దొచ్చే పిల్లి ఉంటుంది, ఛిద్రమైన శరీరం ఉంటుంది, ఏ భావమూ కలిగించని చెంచా ఉంటుంది. నిద్రపోయి వచ్చిన రోజున పిల్లి, శరీరం వాళ్ల దృష్టిని లాగాయి, చెంచా లాగలేదు. రాత్రంతా మేలుకున్నాక చెంచా కూడా అంతే లాగింది. అమిగ్డలా కూడా బాధ కలిగించే బొమ్మకీ, ఏమీ కాని బొమ్మకీ తేడా చూపడం మానేసింది.

అంటే అలసిన మెదడుకి పట్టించుకోనక్కర్లేనిదంటూ ఏదీ మిగలదు. మామూలు అరుపుకి అతిగా స్పందించడమొక్కటే అయితే, అరవకుండా ఉంటే గొడవ తీరిపోయేది. అరుపే లేనిచోట కూడా అది వినిపించడమే టీమ్‌లో తగవులకు మూలమని నా అభిప్రాయం.

రాత్రి 12 దాటింది. ఒకరు కోడ్ రివ్యూలో "ఇది టెస్ట్ చేశారా?" అని రాశారు. ఆయన ఉద్దేశం, అవతలివాళ్లు పాత ఫోన్లలో చూసేసి ఉంటే తాను మళ్లీ చూడక్కర్లేదని. చదివినావిడకి అందులో నింద కనిపించింది. "చేయకుండా పంపుతానా?" అని జవాబిచ్చింది. మొదటి మాటలో లేని పోట్లాట రెండో మాటలో నిజంగానే ఉంది. ఇక మూడో మాట ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

పైగా రాతలో గొంతు వినిపించదు. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ 2005లో ప్రచురించిన ప్రయోగంలో, తమ ఈమెయిల్‌లోని మాట వ్యంగ్యమో నిజమో అవతలివాళ్లు 78 శాతం సార్లు పట్టేస్తారని పంపినవాళ్లు అనుకున్నారు. నిజానికి పట్టింది 56 శాతం. నాణెం ఎగరేసినా 50 వచ్చేది! వీళ్లెవరూ రాత్రుళ్లు మేలుకున్నవాళ్లు కూడా కాదు.

ఇక్కడ పొరబడ్డవాళ్ల గురించి చెప్పకుండా ముందుకెళ్లలేను. 1990ల చివర్లో రాయ్ బామైస్టర్ బృందం, నిగ్రహం వాడేకొద్దీ ఖర్చయిపోయే నిల్వ అని చెప్పింది. తర్వాత కొందరు ఆ నిల్వ రక్తంలోని గ్లూకోజేనని తేల్చేశారు. తియ్యటి పానీయం తాగితే ఓపిక తిరిగొస్తుందన్న మాట మేనేజర్ల శిక్షణ తరగతుల దాకా పాకింది. 2016లో 20కి పైగా ప్రయోగశాలలు కలిసి, 2000 మందికి పైగా మనుషులతో నిగ్రహం తరిగిపోతుందన్న ప్రయోగాన్ని మళ్లీ చేస్తే, ప్రభావం దాదాపు సున్నా. అయినా అర్ధరాత్రి కూల్‌డ్రింకులు తెప్పించి టీమ్‌ని కాపాడామనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు.

మరో పొరపాటు మనందరిదీ. "నాకు ఆరు గంటలు అలవాటైపోయింది" అంటాం. హాన్స్ వాన్ డాంగెన్, డేవిడ్ డింజెస్ బృందం 2003లో కొందరిని 14 రోజులపాటు రోజుకి 6 గంటలే పడుకోనిచ్చింది. చురుకుదనం రోజురోజుకీ దిగజారి, చివరికి ఒకటి రెండు రాత్రులు అసలు నిద్రపోనివాళ్ల స్థాయికి చేరింది. నిద్రమత్తుగా ఉందా అని అడిగితే మాత్రం, మొదటి కొద్దిరోజుల తర్వాత వాళ్ల జవాబు పెద్దగా మారలేదు. కాబట్టి "నేను బాగానే ఉన్నాను" అన్న మాటను ఆ వారాల్లో నమ్మడానికి లేదు. నమ్మదగిన పరీక్ష వేరే ఉంది. రాత్రి మిమ్మల్ని గుచ్చుకున్న మెసేజ్‌ని, బాగా నిద్రపోయి వచ్చినవాళ్లొకరికి పొద్దున్నే చూపించండి. వాళ్లకి అది వట్టి ప్రశ్నలా కనిపిస్తే గుచ్చుకున్నది చెంచాయే.

ఇక ఏం చేయాలన్నది. సంస్థలు ఈ వారాల్లో బిరియానీ పెడతాయి, ధ్యానం క్లాసు పెడతాయి, ఫీచర్లు మాత్రం తగ్గించవు. రిలీజ్ నుంచి రెండు ఫీచర్లు తీసేస్తే దక్కే నిద్ర ఏ క్లాసులోనూ దొరకదు. అది మీ చేతుల్లో లేకపోతే, కనీసం ఆ వారాలు మొదలయ్యే ముందే, అందరూ తెరిపిన ఉన్నప్పుడే రెండు నియమాలు రాసుకోండి. రాత్రి 11 తర్వాత రిలీజ్‌ని ఆపేసే బగ్గుల గురించి తప్ప రివ్యూ వ్యాఖ్యలు పెట్టకూడదు. ఏ ప్రశ్న అడిగినా కారణమూ, తర్వాతి పనీ కలిపి పూర్తి వాక్యాల్లో రాయాలి: "పాత ఫోన్లలో చూశారా? చూడకపోతే నేను చూస్తాను, చూసి ఉంటే వేరే పని మొదలుపెడతాను." ఇందులో నింద వెతుక్కోవడానికి చోటు బాగా తగ్గిపోతుంది. ఇక లీడ్ గారి సంగతి. క్రిస్టఫర్ బార్న్స్ బృందం 2015లో ప్రచురించిన పరిశీలనలో, సరిగ్గా నిద్రపట్టని రాత్రి మర్నాడు లీడర్ల కటువుతనం పెరిగింది, వాళ్ల టీముకి పని మీద ఉత్సాహం తగ్గింది. మీ లీడ్ గారితో చెప్పండి: రాత్రి షిఫ్టులు పంచుకునేటప్పుడు అందరికంటే ముందు ఇంటికి పంపాల్సింది ఆయన్నే.