ఫ్యాక్టరీ ఎన్నిసార్లు ప్రారంభమవుతుంది?

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఉన్న కియా కార్ల ఫ్యాక్టరీ ఎప్పుడు ప్రారంభమైందని అడిగితే మూడు జవాబులు వస్తాయి. మూడూ నిజమే. 2019 జనవరి 29న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు సమక్షంలో ట్రయల్ ప్రొడక్షన్ మొదలైంది. ఆగస్టులో సెల్టోస్ కారు పూర్తిస్థాయి తయారీ మొదలై, ఆ నెల 22న మార్కెట్లోకి వచ్చింది. డిసెంబరు 5న, కొత్త ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి వచ్చాక, లాంఛనంగా ప్రారంభోత్సవం జరిగింది. అప్పటికే ఆ ఫ్యాక్టరీలో తయారైన కార్లు మూడు నెలలుగా రోడ్ల మీద తిరుగుతున్నాయి.

ఇలాంటి ఘట్టం వచ్చినప్పుడల్లా కంపెనీలు పత్రికలకు ప్రెస్ నోట్ పంపుతాయి. ఇది ఏ ఘట్టమో శీర్షికలోని క్రియాపదమే చెప్పాలి. ‘ట్రయల్ ప్రొడక్షన్ మొదలు’, ‘తయారీ మొదలు’, ‘లాంఛనంగా ప్రారంభం’ ఒకటి కావు. శీర్షికలో ‘ఘనంగా’, ‘చారిత్రక’ లాంటి మాటలు పెడితే డెస్కులో సబ్ ఎడిటర్ ముందు కొట్టేసేది వాటినే. కంపెనీ పేరు, ఊరు, ఏం జరిగింది: ఈ మూడూ ఉంటే చాలు.

శీర్షిక కింద ఊరు, తేదీ. ఆ తర్వాత మొదటి పేరాలోనే అసలు సంగతంతా రావాలి, ఎందుకంటే చోటు లేనప్పుడు పత్రిక వేసేది ఆ ఒక్క పేరానే. కియా ప్రారంభోత్సవాన్నే రాయాల్సివస్తే ఇలా రాయొచ్చు: ‘అనంతపురం జిల్లా పెనుకొండ సమీపంలో 536 ఎకరాల్లో, 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో నిర్మించిన కార్ల ఫ్యాక్టరీని కియా మోటార్స్ గురువారం లాంఛనంగా ప్రారంభించింది. ఏటా 3 లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యం దీనికి ఉంది.’ రెండే వాక్యాలు. పెనుకొండ ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉందిగానీ, 2019 నాటి నోట్‌లో అనంతపురమే ఉండాలి.

ఈ రెండు వాక్యాల్లోని అంకెలే చాలామందిని తికమక పెడతాయి. పెట్టుబడినే తీసుకోండి. 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరినప్పుడు డాలరు దాదాపు 64 రూపాయలు. ఆ లెక్కన 110 కోట్ల డాలర్లంటే సుమారు 7 వేల కోట్ల రూపాయలు. 2019 డిసెంబరుకి డాలరు 71 రూపాయలు దాటడంతో అదే పెట్టుబడి 7,800 కోట్లయింది. పెట్టుబడి పెరిగిందని పాఠకుడు అనుకుంటే తప్పు అతనిది కాదు. అందుకే తెలిసిన కంపెనీ రూపాయల్లో ఎంతో, ఏ మారకం రేటుతో లెక్కగట్టిందో తానే రాసి పంపుతుంది.

3 లక్షలన్నది సామర్థ్యం, ఉత్పత్తి కాదు. ఏడాదికి 300 పనిదినాలు అనుకుంటే రోజుకు వెయ్యి కార్లు బయటికి రావాలి. మొదటిరోజే ఏ ఫ్యాక్టరీకీ అది సాధ్యం కాదు. నోట్‌లో ‘తయారుచేస్తుంది’ అని ఉంటే, ఎప్పటికల్లా అని విలేకరి అడగాలి. ఉద్యోగాల సంఖ్య దగ్గరా ఇదే పేచీ. ఫ్యాక్టరీ జీతాల పట్టీలో ఉన్నవాళ్లు, కాంట్రాక్టు మీద వచ్చేవాళ్లు, చుట్టుపక్కల విడిభాగాల యూనిట్లలో పనిచేసేవాళ్లు అందరినీ ఒకే అంకెలో కలిపేస్తే అంకె పెద్దదవుతుంది, అర్థం పోతుంది.

ఇక భవిష్యత్తు గురించిన మాటలు. ఇక్కడ కాంపాక్ట్ సెడాన్, కాంపాక్ట్ ఎస్‌యూవీ తయారుచేస్తామని 2017లో కియా ప్రకటించింది. 2019 రెండో సగంలో ఉత్పత్తి మొదలవుతుందన్న మాట నిలబడింది. సెడాన్ మాత్రం రాలేదు. సెల్టోస్ తర్వాత కార్నివాల్, సోనెట్ వచ్చాయి. ఇందులో మోసమేమీ లేదు. రెండేళ్లలో కొనేవాళ్ల మోజు ఎస్‌యూవీల వైపు తిరిగింది. ‘యోచిస్తున్నాం’ అని రాయాల్సినచోట ‘చేస్తాం’ అని రాస్తేనే చిక్కు.

అధికారి మాటకు నోట్‌లో ప్రత్యేకమైన చోటు ఉంది. అభిప్రాయం చెప్పుకోవడానికి వీలున్నది అక్కడే, కొటేషన్ గుర్తుల మధ్య. ఆ చోటు చాలాసార్లు వృథా అవుతుంది. ‘ఈ రాష్ట్రానికి రావడం మాకెంతో గర్వకారణం’ అన్న వాక్యాన్ని ఏ కంపెనీ ఎండీ పేరు మీద పెట్టినా సరిపోతుంది, కాబట్టి ఎవరూ వేయరు. ఈ జిల్లానే ఎందుకు ఎంచుకున్నాం, ఎగుమతులు ఎప్పుడు మొదలవుతాయి అన్నవి ఆయన నోట చెప్పిస్తే అదే రేపటి ఉపశీర్షిక అవుతుంది. పేరు, హోదా పూర్తిగా ఇవ్వాలి. విదేశీ పేరైతే తెలుగులో ఎలా రాయాలో కూడా ఇస్తే మంచిది. లేకపోతే నాలుగు పత్రికల్లో ఆయనకు నాలుగు పేర్లుంటాయి.

చివర సంప్రదించాల్సినవారి వివరాలు. మీడియా వ్యవహారాలు చూసే మనిషి పేరు, హోదా, సెల్ నంబరు, ఈమెయిల్. రిసెప్షన్ ల్యాండ్‌లైన్ పనికిరాదు: జిల్లా ఎడిషన్ పేజీలు కట్టేది రాత్రిపూట, అనుమానాలు వచ్చేదీ అప్పుడే. తెలుగు నోట్‌ని యూనికోడ్‌లో పంపాలి. అను ఫాంట్లలో టైపు చేసి మెయిల్‌లో అతికిస్తే అవతల పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. డెస్కులో ఎవరికీ తీరిక లేని రోజైతే ఆ నోట్ అక్కడే ఆగిపోతుంది.