తలలో తెల్లటి పొట్టు చుండ్రేనా.. లేక జెల్లా? షాంపూకి లొంగని వాక్స్ జిడ్డు ఇలా వదిలించుకోవచ్చు..

నల్ల చొక్కా భుజాలపై తెల్లటి పొట్టు రాలుతోందా? లేక రెండుసార్లు షాంపూ పెట్టినా జుట్టు జిగటగానే ఉంటోందా? పొట్టి జుట్టును నిలబెట్టేందుకు జెల్, వాక్స్, పొమేడ్ రాసే మగవాళ్లకు ఈ రెండు ఇబ్బందులూ మామూలే. అయితే రెండింటికీ కారణం ఒకటి కాదు, కడిగే పద్ధతీ ఒకటి కాదు.

జెల్‌లో ఎక్కువ భాగం నీళ్లే. పట్టు ఇచ్చేది అందులోని పీవీపీ లాంటి పాలిమర్లు. నీళ్లు ఆరిపోగానే అవి వెంట్రుకల చుట్టూ గట్టి పొరలా బిగుసుకుంటాయి. కానీ ఆరాక దువ్వెన పెట్టినా, హెల్మెట్ రాసుకున్నా ఆ పొర చిట్లుతుంది. పట్టు పోయి, ముక్కలు పొట్టులా రాలతాయి. చాలామంది దీన్నే చుండ్రు అనుకుని మందు షాంపూ కొనేస్తుంటారు. అంతకుముందు ఓ చిన్న పరీక్ష చేస్తే సరి. ఆ పొట్టును అరచేతిలో వేసి, రెండు చుక్కల నీళ్లతో రుద్దాలి. జెల్ అయితే జిగురుగా మారి కరుగుతుంది, చుండ్రు కరగదు. ఈ జెల్ పొర సాధారణంగా నీళ్లు, కాస్త షాంపూతోనే పోతుంది.

అసలు మొండిది వాక్స్. తేనెమైనం లాంటివి జెల్‌లా ఎండిపోవు, అందుకే పగలంతా వేళ్లతో మళ్లీ సర్దుకోవచ్చు. కాకపోతే మే నెల ఎండలో, హెల్మెట్ కింద మెత్తబడి స్టైల్ కూలబడుతుంది. పొమేడ్‌లో రెండు రకాలు. డబ్బాపై వాటర్ బేస్డ్ అని ఉంటే తేలిగ్గా పోతుంది. పదార్థాల జాబితాలో పెట్రోలేటమ్ ముందు వరుసలో ఉంటే అది జిడ్డు రకం.

ఉదాహరణకు, బైక్‌పై ఆఫీసుకెళ్లే ఓ కుర్రాడు ఈ జిడ్డు రకాన్ని మూడు రోజులు వరుసగా రాశాడనుకుందాం. నాలుగో రోజు తల తడిపి షాంపూ పెడితే నురగే రాదు. జిడ్డు ఇంకా ఉందనడానికి గుర్తు అదే. తడిపిన జుట్టులో ఆ జిడ్డు నీళ్లను దగ్గరికి రానివ్వదు. అందుకే ముందు నూనెతోనే దాన్ని కరిగించాలి. పొడి జుట్టుకే ఓ చెంచా కొబ్బరినూనె పట్టించి, రెండు నిమిషాలు మునివేళ్లతో మర్దనా చేసి, ఐదు నిమిషాలు ఆగాలి. తర్వాత నీళ్లు పోయకుండానే షాంపూ రుద్ది, అప్పుడు గోరువెచ్చని నీళ్లతో కడగాలి. రెండోసారి షాంపూ పెట్టినప్పుడు నురగ బాగా వస్తే జిడ్డు వదిలినట్టే. గిన్నెల సబ్బు జోలికి వెళ్తే తల చర్మం పొడిబారుతుంది.

రాసేటప్పుడు బఠాణీ గింజంత తీసుకుంటే పొట్టి జుట్టుకు చాలు. దాన్ని మాడుకు తగలకుండా వెంట్రుకలకే రాయాలి. జిడ్డు రకం నుదుటి మీదికి జారితే అక్కడ మొటిమలు రావొచ్చు. రాత్రి అలాగే పడుకుంటే ఆ జిడ్డు దిండు గలేబుకీ, అక్కడి నుంచి ముఖానికీ అంటుకుంటుంది.