కన్సల్టెంటుకు రాసే ఉత్తరంలో ఏముండాలి?

శ్రీకాకుళం జిల్లా పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. అలాంటి ఫ్యాక్టరీ యజమాని ఒకరు కన్సల్టెంటుకు ఇలా రాశారనుకుందాం: "అయ్యా, నమస్కారం. రెండు నెలలుగా పప్పు బాగా విరిగిపోతోంది. కటింగ్ మిషన్లు పాతబడ్డాయి. కొత్త ఆటోమేటిక్ మిషన్ ఏది కొనాలో చెప్పగలరు."

ఈ ఉత్తరంలో బాధ ఉంది, ఖర్చయ్యే పరిష్కారమూ ఉంది. పప్పు ఎక్కడ విరుగుతోందో మాత్రం లేదు. ఇది చదివిన కన్సల్టెంటు మిషన్ల ధరలు పంపడం తప్ప చేయగలిగింది లేదు. అదే సమస్యను అదే యజమాని మరోలా రాస్తే ఏమవుతుందో చూద్దాం. ఉదాహరణ కోసం నేను కూర్చిన ఉత్తరమే ఇది.

మొదట నష్టం లెక్క. "రోజుకు 80 కిలోల బస్తాలు పది ఆడిస్తాం. 176 కిలోల పప్పు వస్తుంది. ఇదివరకు నూటికి 15 విరిగేవి, ఇప్పుడు 24 విరుగుతున్నాయి. గుండుకూ ముక్కకూ కిలోకు 150 రూపాయల తేడా." అంటే రోజుకు దాదాపు 16 కిలోల గుండు ముక్కగా మారి, 2,400 రూపాయలు పోతున్నాయి. దీన్ని బట్టి ఎంత ఖర్చు పెట్టడం న్యాయమో ఇద్దరికీ తెలుస్తుంది.

తర్వాత, నష్టం ఏ దశలో జరుగుతోందో చెప్పాలి. జీడిపిక్కను ఆవిరిలో ఉడికించి, చల్లార్చి, పెంకు కోసి, లోపలి పప్పును డ్రయర్‌లో ఆరబెట్టి, ఆపైన పొట్టు తీస్తారు. పప్పు ఇందులో ఎక్కడైనా విరగవచ్చు. దశ దాటిన ప్రతిసారీ వంద పప్పులు తీసి లెక్కపెడితే చాలు, పరికరమేదీ అక్కర్లేదు. "కోత తర్వాత వందకు 7 విరుగుతున్నాయి, ఇదివరకూ అంతే. పొట్టు తీశాక 24 అవుతున్నాయి." ఈ రెండు వాక్యాలతో కటింగ్ మిషన్ మీద అనుమానం తీరిపోయింది. లక్షల ఖర్చూ తప్పింది.

ఇక మిగిలింది డ్రయర్, పొట్టు తీసే బల్ల. పప్పు సరిగా ఆరకపోతే పొట్టు అంటుకుపోతుంది, కత్తితో గీకాల్సి వస్తుంది, గీకితే గాటు పడుతుంది. ఆరాల్సిన దానికంటే ఎక్కువ ఆరితే వేళ్ల మధ్య నొక్కగానే పుటుక్కున విరుగుతుంది. అందుకే యజమాని డ్రయర్‌లో మూడు చోట్ల వేరువేరుగా లెక్కపెట్టారు. పొట్టు తీశాక పై ట్రేలలో వందకు 16, మధ్యవాటిలో 20, అడుగువాటిలో 36 విరిగాయి. పై ట్రేలలో దాదాపు పాత లెక్కే ఉంది. రోగం అడుగున ఉంది.

ఇక్కడ చాలామంది వదిలేసే వాక్యం ఒకటుంది: సమస్య మొదలయ్యే ముందు ఏం మారింది? "రెండు నెలల క్రితం డ్రయర్ ఫ్యాన్ మోటారు కాలిపోతే రీవైండింగ్ చేయించాం. అప్పటినుంచి పైట్రేలు ఆరడం ఆలస్యమవుతోంది, అందుకని గంటన్నర ఎక్కువ వేస్తున్నాం." ఇది చదవగానే అనుభవజ్ఞుడు అడిగే మొదటి ప్రశ్న, ఫ్యాన్ ఏ వైపు తిరుగుతోందని. త్రీఫేజ్ మోటారు తిరిగి బిగించేటప్పుడు రెండు వైర్లు తారుమారైతే అది వెనక్కి తిరుగుతుంది. బ్లోయర్ రకం ఫ్యాన్ వెనక్కి తిరిగినా కొంత గాలి వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ గాలి బాగా తగ్గి, వేడి అడుగునే నిలిచిపోతుంది. పైట్రేల కోసం సమయం పెంచితే అడుగున ఉన్నవి మాడిపోతాయి.

చివరగా, చేయలేనివి దాచకుండా రాయాలి. "చేతిలో 40,000 రూపాయలున్నాయి. డ్రయర్ ఒక్కటే, ఒక రోజుకు మించి ఆపలేను. పొట్టు తీసే పన్నెండు మంది ఆడవాళ్లకు కిలో లెక్కన కూలి ఇస్తాం. ఈ పరిధిలో ముందుగా ఏం పరీక్షించాలి?" కూలి విషయం అనవసరమనిపించవచ్చు. కానీ పని నిదానంగా చేయించే సలహా ఏదైనా ఆ పన్నెండు మంది కూలిలోంచే పోతుంది. అది ముందే తెలిస్తే కన్సల్టెంటు అలాంటి సలహా ఇవ్వరు, ఇచ్చినా కూలి రేటు సవరించమని కలిపి చెబుతారు. అలాగే 40,000 అని తెలిస్తే కొత్త డ్రయర్ మాట ఎత్తరు.

ఫ్యాన్ దిశ చూడటానికి పట్టేది పది నిమిషాలు. తప్పని తేలితే కరెంటు ఆపి ఎలక్ట్రీషియన్ చేత రెండు వైర్లు మార్పిస్తే సరి. దిశ సరిగానే ఉంటే తర్వాతి పరీక్ష ఆరబెట్టడం సగమయ్యాక పై ట్రేలు కిందికి, కింది ట్రేలు పైకి మార్చి మళ్లీ వంద లెక్కపెట్టడం. రెండూ ఒక్క రోజులో అయ్యే పనులే.

మీ ఫ్యాక్టరీలో తయారయ్యేది ఏదైనా, ఉత్తరం రాసే ముందు ఒక రోజు దశదశకూ వంద లెక్కపెట్టండి. ఏ మిషన్ కొనాలో అడగకండి, మీరు చూసింది రాయండి.