ఓపిక పట్టలేనిది ఎవరు? కాయిన్ చార్టులో సీవీడీ గీత చెప్పే మాట

బిట్‌కాయిన్ ధర పెరిగిన రోజు ‘కొనేవాళ్లు ఎక్కువయ్యారు’ అంటాం. పడిన రోజు ‘అందరూ అమ్మేస్తున్నారు’ అంటాం. కాస్త ఆగి ఆలోచిస్తే ఈ మాటలో ఒక చిక్కు కనిపిస్తుంది. ఒకరు పది బిట్‌కాయిన్లు కొన్నారంటే అవతల ఎవరో పది అమ్మే ఉండాలి. ఏ రోజు లెక్క తీసినా కొన్నదీ అమ్మినదీ సరిసమానమే. మరి ‘కొనుగోళ్ల ఒత్తిడి’ అని దేన్ని చూసి అంటున్నాం?

ఎంత కొన్నారు, ఎంత అమ్మారు అన్నది పక్కన పెట్టి, ఎవరు ఎవరి ధరకు దిగివచ్చారు అని చూస్తే ఈ చిక్కు వీడుతుంది. చార్టు అడుగున కనిపించే క్యుములేటివ్ వాల్యూమ్ డెల్టా, అంటే సీవీడీ గీత, లెక్కపెట్టేది దీన్నే.

ఎక్స్ఛేంజీలోని ఆర్డర్ బుక్‌లో రెండు వరుసలు ఉంటాయి. కొనదలచినవారు తమకు నచ్చిన ధర చెప్పి కాచుకుని ఉండే వరుస బిడ్. అమ్మదలచినవారు కాచుకుని ఉండే వరుస ఆస్క్. ఇలా ధర చెప్పి ఎదురుచూసే ఆర్డర్ లిమిట్ ఆర్డర్, దాన్ని పెట్టినవారు మేకర్. ‘ఎంతకైనా సరే, ఇప్పుడే కావాలి’ అని వచ్చి, కాచుకున్న ఆర్డర్‌ను తీసుకుపోయేవారు టేకర్. వాళ్లు సాధారణంగా మార్కెట్ ఆర్డర్‌తో వస్తారు. చార్టు భాషలో ‘దూకుడు కొనుగోలు’ అంటే టేకర్ కొన్నాడని, ‘దూకుడు అమ్మకం’ అంటే టేకర్ అమ్మాడని అర్థం.

ఒక చిన్న లెక్క ఊహించుకుందాం. ఆస్క్ వరుసలో 1,00,010 డాలర్ల దగ్గర 4 బిట్‌కాయిన్లు, 1,00,020 దగ్గర 6 ఉన్నాయి. బిడ్ వరుసలో 1,00,000 దగ్గర 5 ఉన్నాయి. ఒకరు 7 బిట్‌కాయిన్లకు మార్కెట్ ఆర్డర్‌తో కొన్నారు. మొదటి ధర దగ్గరున్న 4 అయిపోయాయి, మిగతా 3 పై ధరకు దొరికాయి. ఆ వెంటనే ఇంకొకరు 3 బిట్‌కాయిన్లను మార్కెట్ ఆర్డర్‌తో 1,00,000కే అమ్మారు. మొత్తం వాల్యూమ్ 10. అందులో దూకుడుగా కొన్నది 7, దూకుడుగా అమ్మింది 3. తేడా +4. ఇదే డెల్టా. ఒక్కో క్యాండిల్ డెల్టాను ముందున్న మొత్తానికి కలుపుకుంటూ పోతే వచ్చే గీత సీవీడీ.

షేర్ మార్కెట్ పరిశోధకులకు ఈ లెక్క చాలాకాలం సులువు కాలేదు. దొరికే రికార్డుల్లో చాలావరకు టేకర్ ఎవరన్నది రాసి ఉండేది కాదు. లావాదేవీ జరిగిన ధర బిడ్‌కు దగ్గరా, ఆస్క్‌కు దగ్గరా అని చూసి ఊహించే పద్ధతిని చార్లెస్ లీ, మార్క్ రెడీ 1991లో ప్రతిపాదించారు. క్రిప్టోలో ఆ తిప్పలు చాలావరకు లేవు. బైనాన్స్ ప్రతి లావాదేవీతో పాటు `m` అనే గుర్తును పంపుతుంది. అది `true` అయితే కొన్నవారు మేకర్ అన్నమాట, అంటే దూకుడుగా వచ్చింది అమ్మినవారు. దీన్ని తిరగేసి చదివి గీతను తలకిందులుగా గీసుకోవడం కొత్తవారు తరచూ చేసే పొరపాటు. క్యాండిల్ డేటాలో టేకర్లు కొన్న పరిమాణం విడిగానే ఉంటుంది కాబట్టి లెక్క ఒక్క వరుసలో తేలుతుంది.

```
delta = 2 * takerBuyVolume - volume
```

మన ఉదాహరణలో 7కు రెట్టింపు 14, అందులోంచి 10 తీసేస్తే 4.

ఇక పర్పెచువల్ ఫ్యూచర్స్ సంగతి. బిట్‌మెక్స్ 2016లో ప్రవేశపెట్టిన తర్వాత క్రిప్టో ప్రపంచమంతా పాకిన కాంట్రాక్టు ఇది. దీనికి గడువు తేదీ లేదు. కాయిన్ చేతులు మారదు, ధర మీద పందెం మాత్రమే నడుస్తుంది. పెరుగుతుందనుకునేవారు లాంగ్, పడుతుందనుకునేవారు షార్ట్. కాంట్రాక్టు ధర అసలు కాయిన్ ధరకు దూరంగా పోకుండా ఫండింగ్ అనే చెల్లింపు ఉంటుంది. కాంట్రాక్టు ధర పైకి పోతే సాధారణంగా లాంగులు షార్టులకు చెల్లిస్తారు, కిందికి పోతే షార్టులు లాంగులకు చెల్లిస్తారు. చాలా కాంట్రాక్టుల్లో ఇది ఎనిమిది గంటలకోసారి జరుగుతుంది. మన గడియారంలో తెల్లవారుజామున 5:30కు, మధ్యాహ్నం 1:30కు, రాత్రి 9:30కు.

సీవీడీ చదివేవారు మరవకూడని సంగతి ఇక్కడే ఉంది. పర్ప్‌లో కొనడమంటే రెండు అర్థాలున్నాయి. కొత్తగా లాంగ్ తెరవడం కావచ్చు, పాత షార్ట్‌ను మూసెయ్యడం కావచ్చు. డెల్టా ఆ రెండింటికీ ఒకే ప్లస్ వేస్తుంది. వాటిని విడదీసి చూపేది ఓపెన్ ఇంట్రెస్ట్, అంటే ఇంకా మూసెయ్యకుండా ఉన్న కాంట్రాక్టుల మొత్తం. సీవీడీ పెరుగుతూ ఓపెన్ ఇంట్రెస్ట్ కూడా పెరిగితే కొత్త లాంగులు దూకుడుగా వస్తున్నారని అనుకోవచ్చు. సీవీడీ పెరుగుతూ ఓపెన్ ఇంట్రెస్ట్ తగ్గితే షార్టులు బయటపడుతున్నారు. ఈ రెండో రకం ఎగుబాటు, మూసుకోవాల్సిన షార్టులు ఉన్నంతసేపే నడుస్తుంది. కొత్తవారు చేరకపోతే ఆ తర్వాత దాన్ని మోసేవారు ఉండరు.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ నేర్పే సన్నివేశాన్ని చూద్దాం. అంకెలు ఊహించినవే గానీ ఇలాంటిది చార్టుల్లో తరచూ ఎదురవుతుంది. పదిహేను నిమిషాల క్యాండిల్స్ నాలుగు తీసుకుందాం. మొదటిదాంట్లో దూకుడు కొనుగోళ్లు 600 బిట్‌కాయిన్లు, అమ్మకాలు 450. డెల్టా +150. ధర 1,01,600 నుంచి 1,01,900కు చేరింది. రెండోదాంట్లో డెల్టా +220, ధర మాత్రం 100 డాలర్లే పెరిగి 1,02,000 తాకింది. మూడోదాంట్లో డెల్టా +300, ధర పెరగకపోగా 10 డాలర్లు తగ్గింది. నాలుగోదాంట్లో డెల్టా +60, ధర ఇంకో 40 డాలర్లు తగ్గి 1,01,950 దగ్గర ముగిసింది. ఈ గంటలో సీవీడీ మొత్తం 730 పెరిగింది. ఓపెన్ ఇంట్రెస్ట్ కూడా పెరిగింది.

సీవీడీ ఒక్కటే చూసేవారికి ఇది గట్టి కొనుగోళ్ల గంట. దాని పక్కన ధరను పెట్టి చూడండి. మొదట 150 బిట్‌కాయిన్ల దూకుడు ధరను 300 డాలర్లు జరిపింది. మూడో క్యాండిల్‌లో దానికి రెట్టింపు దూకుడు ధరను కదపలేకపోయింది. అంటే 1,02,000 దగ్గర ఎవరో లిమిట్ ఆర్డర్లతో కూర్చుని, వచ్చినవాళ్లందరికీ తొణక్కుండా అమ్ముతున్నారు. ఆర్డర్ బుక్ చూస్తే ఆ ధర దగ్గర సరుకు అయిపోతున్న కొద్దీ మళ్లీ నిండుతూ కనిపిస్తుంది. ట్రేడర్లు దీన్ని అబ్జార్ప్షన్ అంటారు. వరదను ఇసుకనేల పీల్చుకున్నట్టు దూకుడును ఓపిక పీల్చేసుకుంటుంది.

తర్వాత ఏమవుతుంది? రెండు దారులున్నాయి. ఆ అమ్మకందారు దగ్గర సరుకు అయిపోతే ధర ఒక్కసారిగా 1,02,000 దాటుతుంది. అయిపోకపోతే, ఆ గంటలో కొన్న కొత్త లాంగులన్నీ ఇరుకున పడతాయి. ధర 1,01,600 కిందికి జారగానే వాళ్ల స్టాప్‌లాస్‌లు తగులుతాయి. ఎక్కువ లెవరేజ్ తీసుకున్నవారి పొజిషన్లను ఎక్స్ఛేంజీయే బలవంతంగా మూసేస్తుంది. ఇవన్నీ దూకుడు అమ్మకాలుగానే నమోదవుతాయి. గంటసేపు మెల్లగా ఎక్కిన సీవీడీ ఒకటి రెండు క్యాండిల్స్‌లో కూలుతుంది, దానితో పాటే ఓపెన్ ఇంట్రెస్ట్ కూడా. అలా పడిన గీతను చూసి ‘పెద్దవాళ్లు అమ్ముతున్నారు’ అనుకోవడం తప్పు. అమ్మింది చాలావరకు అంతకుముందు కొన్నవాళ్లే, అదీ ఇష్టపడి కాదు. అందుకే అబ్జార్ప్షన్ కనిపించిందని ముందే షార్ట్ చెయ్యడం తొందరపాటు. మొదటి దారి ఇంకా తెరిచే ఉంటుంది.

దీనికి ఎదురు రూపం కూడా ఉంది. సీవీడీ దిగుతూ ఉంటుంది, ధర మాత్రం పడదు, కొన్నిసార్లు పెరుగుతుంది. అక్కడ ఓపికగా బిడ్‌లో కూర్చుని కొంటున్నవారున్నారు. పెద్ద మొత్తాలు కొనేవారు దూకుడుగా వస్తే ధర తమ మీదికే ఎగబాకుతుందని తెలిసి, ఆర్డర్‌ను ముక్కలు చేసి లిమిట్‌లో పెడతారు. సీవీడీలో వాళ్ల కొనుగోలు కనిపించదు. వాళ్లకు తొందరపడి అమ్మినవారే కనిపిస్తారు.

ఈ గీతకు ఉన్న హద్దులూ తెలిసి ఉండాలి. మొదటిది, సీవీడీ ఎక్కడినుంచి లెక్క మొదలుపెట్టామో అక్కడినుంచే ఉంటుంది. నిన్నటినుంచి మొదలుపెట్టిన చార్టులో +5,000, నెల నుంచి మొదలుపెట్టిన చార్టులో −12,000 ఉండొచ్చు, రెండూ సరైనవే. అంకెకు అర్థం లేదు, ఎటు ఎంత కదిలిందన్నదానికే అర్థం.

రెండోది, కొన్ని చార్టింగ్ సైట్లు లావాదేవీల గుర్తులు వాడకుండా, చిన్న క్యాండిల్ పైకి ముగిస్తే దాని వాల్యూమంతా కొనుగోలని, కిందికి ముగిస్తే అమ్మకమని అంచనా వేస్తాయి. మన మూడో క్యాండిల్‌ను గుర్తు చేసుకోండి. డెల్టా +300, ముగింపు 10 డాలర్లు కింద. దాన్ని అలా లెక్కిస్తే కొనుగోళ్ల దూకుడంతా అమ్మకంగా మారిపోతుంది. అబ్జార్ప్షన్‌ను పట్టుకోవాలని చూసేవారికి సరిగ్గా ఆ చోటే గీత అబద్ధం చెబుతుంది. ఇండికేటర్ వివరణలో టేకర్ డేటా వాడారో లేదో చూసుకోవడం అందుకే అవసరం.

మూడోది, ఒక ఎక్స్ఛేంజీ పర్ప్ సీవీడీ అంటే మార్కెట్ మొత్తం కాదు. కొందరు స్పాట్‌లో కాయిన్ కొని, అంతే మొత్తానికి పర్ప్‌లో షార్ట్ పెట్టి ఫండింగ్ తీసుకుంటూ కూర్చుంటారు. ధర ఎటు పోయినా వాళ్లకు పట్టదు. అయినా వాళ్లు మార్కెట్ ఆర్డర్లతో దిగితే స్పాట్ సీవీడీ పైకి, పర్ప్ సీవీడీ కిందికి పోతాయి. పర్ప్ గీత ఒక్కదాన్నే చూస్తే అది ధర పడుతుందన్న నమ్మకంలా కనిపిస్తుంది. అందుకే స్పాట్ సీవీడీని పక్కనే పెట్టుకోవాలి. పర్ప్‌లో దూకుడు కొనుగోళ్లు పెరుగుతూ స్పాట్ గీత కదలకుండా ఉంటే, ఆ ఎగుబాటు ఎక్కువగా అప్పు మీద నడుస్తోందని అనుమానించాలి.

ఇన్ని జాగ్రత్తలూ తీసుకున్నాక సీవీడీ మనకు చెప్పేది ఒక్కటే. ఈ క్యాండిల్‌లో ఓపిక పట్టలేనిది ఎవరు అని. వాళ్ల తొందరకు ధర కదిలిందా, లేక ఎదుట ఓపికగా కూర్చున్నవారి దగ్గర ఆగిపోయిందా అన్నది ధరను చూసి మనమే తెలుసుకోవాలి.